మినిట్స్ పుస్తకం సాక్ష్యం చెబితే

2001 ఫిబ్రవరి 15న ఆస్ట్రేలియాలో జేమ్స్ హార్డీ అనే పెద్ద కంపెనీ డైరెక్టర్ల బోర్డు సమావేశమైంది. ఆ కంపెనీ దశాబ్దాల పాటు ఆస్బెస్టాస్ కలిసిన సిమెంటు రేకులూ ఇతర సామగ్రీ తయారుచేసింది. ఆ దుమ్ము పీల్చి జబ్బుపడిన కార్మికులూ, ఆ రేకుల ఇళ్లలో బతికినవారూ పరిహారం కోసం కేసులు వేస్తున్న రోజులవి. పరిహారాలు చెల్లించే బాధ్యత ఉన్న రెండు అనుబంధ సంస్థలను తన నుంచి విడదీసి, వాటిని ఒక ఫౌండేషన్ చేతిలో పెట్టాలని బోర్డు ఆ రోజు నిర్ణయించింది. మర్నాడు స్టాక్ ఎక్స్ఛేంజికి ఒక ప్రకటన వెళ్లింది. న్యాయమైన క్లెయిములన్నిటినీ చెల్లించడానికి ఫౌండేషన్ దగ్గర సరిపడా డబ్బు ఉందని ఆ ప్రకటన సారాంశం.

డబ్బు సరిపోలేదు. కొద్ది సంవత్సరాలకే ఫౌండేషన్ చేతులెత్తేసే పరిస్థితి వచ్చింది. 2004లో విచారణ సంఘం కూర్చుంది. 2007లో అక్కడి కంపెనీల నియంత్రణ సంస్థ డైరెక్టర్ల మీద కేసు వేసింది. మదుపరులను తప్పుదోవ పట్టించే ప్రకటనను మీరు ఆమోదించారన్నది ఆరోపణ. అప్పుడు కోర్టు ముందు ఒకే ఒక్క ప్రశ్న నిలిచింది: ఆ ప్రకటన ముసాయిదా ఫిబ్రవరి 15న నిజంగా బోర్డు ముందుకు వచ్చిందా, బోర్డు దాన్ని ఆమోదించిందా?

రాలేదన్నారు డైరెక్టర్లు. అలాంటి కాగితం చూసిన జ్ఞాపకమే తమకు లేదన్నారు. ఏడేళ్ల కిందటి సమావేశంలో ఏ కాగితం ఎవరి చేతికి వచ్చిందో గుర్తులేదంటే నమ్మదగిన మాటే. కానీ ఆ సమావేశపు మినిట్స్‌లో ప్రకటనను సభ ముందు ఉంచారనీ, కంపెనీ దాన్ని ఆమోదించి స్టాక్ ఎక్స్ఛేంజికి పంపాలని తీర్మానించిందనీ స్పష్టంగా ఉంది. ఏప్రిల్ మొదట్లో జరిగిన తర్వాతి సమావేశంలో ఆ మినిట్స్ సరిగానే ఉన్నాయని అదే డైరెక్టర్లు ఆమోదించారు.

డైరెక్టర్ల లాయర్లు గట్టిగానే వాదించారు. మినిట్స్ ముసాయిదాను లాయర్ల సంస్థ సమావేశానికి ముందే తయారుచేసి పెట్టింది. అందులో కొన్ని వివరాలు జరిగినదానికి సరిపోలలేదు. పైగా స్టాక్ ఎక్స్ఛేంజికి చివరికి వెళ్లిన ప్రకటనలో మాటలు కొంత మారాయి. ఇన్ని లోపాలున్న మినిట్స్‌ను ఎలా నమ్ముతారని వారి ప్రశ్న. మొదటి కోర్టు మినిట్స్‌నే నమ్మింది. అప్పీలు కోర్టు 2010లో ఆ తీర్పును కొట్టేసింది. 2012 మే నెలలో ఆస్ట్రేలియా అత్యున్నత న్యాయస్థానం మళ్లీ మొదటి కోర్టు వైపే నిలిచింది. ఆ తీర్పులోని తర్కాన్ని మినిట్స్ రాసే ప్రతివారూ తెలుసుకోవాలి. మినిట్స్‌లో అక్కడక్కడా పొరపాట్లున్నంత మాత్రాన మిగతాదంతా అబద్ధమైపోదు. అది సమావేశం జరిగిన కొద్ది వారాల్లోనే సిద్ధమైన అధికారిక రికార్డు. దాన్ని చదివి సరిగా ఉందని ఒప్పుకున్నవారు స్వయంగా ఆ సమావేశంలో కూర్చున్నవారు. జరగని తీర్మానం జరిగినట్టు అంత ముఖ్యమైన విషయంలో రాసి ఉంటే, అప్పుడే ఎవరో ఒకరు అభ్యంతరం చెప్పి ఉండాలి. ఎవరూ చెప్పలేదు.

డైరెక్టర్లకు జరిమానాలు పడ్డాయి, కొంతకాలం ఏ కంపెనీలోనూ డైరెక్టరుగా ఉండకూడదన్న నిషేధం పడింది. తర్వాత ఆ శిక్షలు తగ్గాయి కానీ పూర్తిగా పోలేదు. ఇద్దరు డైరెక్టర్లు ఆ రోజు అమెరికా నుంచి ఫోనులో పాల్గొన్నారు, వారికి ముసాయిదా కాపీ అందనే లేదు. అయినా వారు తప్పించుకోలేకపోయారు. కాగితం చూడనివారు కాపీ అడిగి ఉండాలి, లేదంటే ఆ తీర్మానానికి తాము దూరంగా ఉంటున్నామని చెప్పి ఉండాలి అని మొదటి కోర్టు తేల్చింది.

ఈ కేసులో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఏప్రిల్ సమావేశం. ఫిబ్రవరిలో ఏం జరిగిందన్నది వాదోపవాదాల్లో పడింది గానీ, ఏప్రిల్‌లో మినిట్స్‌ను ఆమోదించారన్నది తిరుగులేని సంగతి. గత సమావేశపు మినిట్స్‌ను ఖరారు చేయడం మన దగ్గర చాలా చోట్ల అజెండాలో మొదటి అంశం, అర నిమిషంలో అయిపోయే అంశం. కాపీలు పంచి, చదివినట్లుగానే భావించి, ఆమోదించేస్తారు. కానీ ఎవరో సెక్రటరీ ఒంటరిగా రాసుకున్న నోట్సు, సభ్యులందరి మాటగా మారేది సరిగ్గా ఆ అర నిమిషంలోనే. ఆ తర్వాత “అది సెక్రటరీ రాసింది, నేను అలా అనలేదు” అంటే వినేవారు అడిగే మొదటి ప్రశ్న, “మరి ఆ రోజు ఎందుకు ఊరుకున్నారు?” అని.

మన దేశంలో కంపెనీల విషయంలో చట్టం ఇంకా సూటిగా ఉంది. 2013 కంపెనీల చట్టం 118వ సెక్షన్ ప్రకారం బోర్డు సమావేశమైనా, వాటాదారుల సభ అయినా ముగిసిన 30 రోజుల్లోగా మినిట్స్ తయారై, పేజీలకు వరుస సంఖ్యలున్న పుస్తకంలోకి ఎక్కాలి. జరిగినదాని సారాంశం న్యాయంగా, సరిగా ఉండాలి. బోర్డు సమావేశమైతే హాజరైన డైరెక్టర్ల పేర్లుండాలి. ఏ తీర్మానాన్నైనా ఎవరైనా వ్యతిరేకించినా, దానితో ఏకీభవించకపోయినా వారి పేర్లుండాలి. ఇలా రాసిన మినిట్స్, అందులో నమోదైన కార్యకలాపాలకు సాక్ష్యం అవుతాయని ఆ సెక్షనే చెబుతుంది. అంతటితో ఆగకుండా, సమావేశం సక్రమంగా పిలిచారనీ, సక్రమంగా జరిగిందనీ, నియామకాలు చెల్లుతాయనీ కూడా కోర్టు భావించాలంటుంది. కాదని రుజువయ్యేవరకే ఆ భావన నిలుస్తుంది.

ఆ చివరి షరతును తేలిగ్గా తీసుకోకూడదు. మినిట్స్‌లో ఉన్నదే వేదం అని చట్టం అనడం లేదు. జరగని సమావేశానికి మినిట్స్ రాశారని విమాన టికెట్లతో, ఫోను రికార్డులతో, ఈమెయిళ్లతో రుజువు చేసిన రోజున ఆ భావన కూలిపోతుంది. అలాగే మినిట్స్‌లోకి ఎక్కనంత మాత్రాన తీర్మానం జరగలేదని కాదు, ఇతర సాక్ష్యంతో దాన్ని రుజువు చేయవచ్చని ఇంగ్లండ్ కోర్టు 1916లోనే చెప్పింది. కానీ రుజువు చేయాల్సిన భారం ఎవరి మీద పడుతుందన్నదే కోర్టుల్లో సగం యుద్ధం. మినిట్స్ ఎవరి పక్షాన ఉంటే వారు కూర్చోవచ్చు, ఎదుటివారే లేచి సాక్ష్యాలు వెతుక్కోవాలి.

హౌసింగ్ సొసైటీలు, అపార్ట్‌మెంట్ సంఘాలు, కాలనీ కమిటీలు, గుడి ట్రస్టులు ఈ సెక్షన్ కిందికి రావు. వాటికి వాటి చట్టాలూ, బైలాలూ ఉన్నాయి. అయినా వాటి మినిట్స్ కూడా కోర్టుకు వస్తాయి. సంతకం పెట్టిన కాగితం, సంఘం తన మామూలు పనిలో భాగంగా రాసుకున్న పుస్తకం, తన మీదే చెల్లే ఒప్పుకోలు: సాక్ష్య చట్టం లెక్కలో ఇవన్నీ విలువైనవే. అందుకే అపార్ట్‌మెంట్ కథనే ఒకటి ఊహించుకుని వివరంగా చూద్దాం.

48 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ అనుకుందాం. లిఫ్ట్ పాతబడింది, కొత్తది పెట్టాలి. పాత రంగుల కాంట్రాక్టర్ తనకు ఇంకా 2,40,000 రూపాయలు రావాలంటున్నాడు. సంఘం మాత్రం వెనక గోడకు రెండో కోటింగ్ వేయలేదంటోంది. సర్వసభ్య సమావేశం పెట్టారు, 31 మంది వచ్చారు, గొడవ బాగానే జరిగింది. సెక్రటరీ మర్నాడు ఇలా రాశారు:

“లిఫ్ట్ విషయమై సభ్యులందరూ కూలంకషంగా చర్చించి ఏకగ్రీవంగా ఆమోదించడమైనది. రంగుల కాంట్రాక్టరుకు ఇవ్వవలసిన బకాయి రూ. 2,40,000 నిధులు సమకూరిన వెంటనే చెల్లించుటకు తీర్మానించడమైనది.”

మన సంఘాల పుస్తకాల నిండా ఉండేది ఈ భాషే. చదవడానికి హుందాగా ఉంటుంది, రాసేవారికి సులువు. రెండేళ్ల తర్వాత ఈ రెండు వాక్యాలు ఎన్ని విధాల తిరగబడతాయో చూడండి.

మొదటి వాక్యంలో ఆమోదించినదేమిటో లేదు. ఏ కంపెనీ లిఫ్ట్, ఎంత ధర, ఒక్కో ఫ్లాట్ ఎంత కట్టాలి? వాటా కట్టని యజమాని మీద సంఘం కేసు వేస్తే, ఆయన లాయరు అడిగేది ఇదే. “లిఫ్ట్ మార్చాలని ఒప్పుకున్నాం, ఇంత డబ్బు కడతామని ఎప్పుడు ఒప్పుకున్నాం?” అంటారు. ‘ఏకగ్రీవంగా’ అన్న మాట మరోవైపు కొరుకుతుంది. ఆ రోజు నలుగురు లేచి వద్దన్నారు. వారు ఇప్పుడు కోర్టుకు వచ్చి ఆ మాట చెబితే మినిట్స్ వారిని అబద్ధాలకోరులను చేస్తుంది. వారి మాటే నిజమని తేలితే, ఒక్క వాక్యంలో ఇంత పెద్ద తప్పున్న పుస్తకంలో మిగతాదెంత నిజమన్న అనుమానం సంఘాన్ని వెంటాడుతుంది. ఎవరూ బయటకు వద్దనకపోతే ఏకగ్రీవం అని రాసేయడం మనకు అలవాటు. ఓట్లు లెక్కపెట్టి, వ్యతిరేకం సున్నా అయితేనే ఆ మాట వాడాలి.

రెండో వాక్యం ఇంకా ప్రమాదకరం. బాకీ వసూలుకు దావా వేయడానికి మామూలుగా మూడేళ్ల గడువుంటుంది. 1963 లిమిటేషన్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం, ఆ గడువు ముగియకముందే బాకీ ఉన్నవారు దాన్ని రాతపూర్వకంగా ఒప్పుకుని సంతకం పెడితే, ఆ తేదీ నుంచి గడువు మళ్లీ కొత్తగా మొదలవుతుంది. ఆ ఒప్పుకోలు అప్పిచ్చినవారిని ఉద్దేశించి రాసినదే కానక్కరలేదు. కంపెనీల బ్యాలెన్స్ షీటులోని పద్దు కూడా ఇలాంటి ఒప్పుకోలు కాగలదని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. అయితే దానికి జతచేసిన నోట్సులో ఏం రాశారో కూడా చూడాలంది. అధ్యక్షుడు సంతకం పెట్టిన మినిట్స్‌లో ‘ఇవ్వవలసిన బకాయి’ అని ఉంటే కాంట్రాక్టరు లాయరు దాన్నే పట్టుకుంటాడు. పని సరిగా చేయలేదన్న సంఘం వాదన ఆ రెండు మాటల కింద నలిగిపోతుంది. సభలో ఎవరూ బాకీ ఉందని ఒప్పుకోకపోవచ్చు. రాసినాయన అడిగిన డబ్బుకూ ఇవ్వాల్సిన డబ్బుకూ తేడా పాటించలేదు, అంతే.

అదే సమావేశాన్ని ఇలా రాసి ఉంటే:

“లిఫ్ట్ మార్పిడికి వచ్చిన మూడు కొటేషన్లను సెక్రటరీ సభ ముందు ఉంచి చదివి వినిపించారు. వాటి కాపీలు ఈ మినిట్స్‌కు జతచేశాం. రెండో కొటేషన్‌ను రూ. 18,00,000, జీఎస్టీతో కలిపి రూ. 21,24,000 కు అంగీకరించాలనీ, ఒక్కో ఫ్లాట్ నుంచి రూ. 44,250 చొప్పున జూన్ 30 లోగా వసూలు చేయాలనీ తీర్మానం ప్రతిపాదించారు. హాజరైన 31 మందిలో అనుకూలం 26, వ్యతిరేకం 4, తటస్థం 1. తీర్మానం ఆమోదం పొందింది. వ్యతిరేకించినవారు 104, 203, 301, 402 ఫ్లాట్ల యజమానులు. కింది అంతస్తు ఫ్లాట్లకు వాటా తగ్గించాలన్నది తమ అభ్యంతరమని 104 ఫ్లాట్ యజమాని నమోదు చేయమన్నారు.

రంగుల పని కాంట్రాక్టరు రూ. 2,40,000 కోరుతూ పంపిన బిల్లును సభ పరిశీలించింది. వెనక గోడకు రెండో కోటింగ్ వేయలేదని సభ్యులు చెప్పారు. ఈ మొత్తాన్ని సంఘం అంగీకరించడం లేదు. ఒక ఇంజినీరుతో పని తనిఖీ చేయించి, నివేదికను తర్వాతి సమావేశంలో పెట్టాలని తీర్మానించారు.”

ఇది ఇంకో తొమ్మిది వాక్యాలు ఎక్కువ, అంతే. కానీ సభలో లేనివారు, సభ్యులెవరో ఎరగనివారు చదివినా ఏ కాగితం చూసి, ఎంతకు, ఎవరు ఎటు ఓటు వేసి నిర్ణయించారో తెలుస్తుంది. కోర్టులో చదివే జడ్జి అలాంటివారే. ‘తీర్మానించడమైనది’ అన్న క్రియలో చేసినవారెవరో ఉండరు. ఆ ఖాళీని పేర్లతో, అంకెలతో పూరించడమే జాగ్రత్తగా రాయడమంటే. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. నిజంగా బాకీ ఉంటే బాకీ ఉందనే రాయాలి. దాన్ని దాచడానికి పదాలు వెతికే మినిట్స్ మరోరోజు మరో కాగితంతో పట్టుబడతాయి.

ఎక్కువ రాయడమూ ప్రమాదమే. ఎవరు ఏమన్నారో మాట తప్పకుండా రాసేవారుంటారు. “ట్రెజరరు డబ్బు తినేశాడని ఫలానావారు అన్నారు” అని రాస్తే అది రుజువు లేని ఆరోపణ, అందరి సంతకాలతో శాశ్వతంగా నిలిచేది. పరువునష్టం దావాకు అదే చాలు. ఒక వ్యక్తి పరువు తీసేవిగా, అసంగతంగా, సంస్థ ప్రయోజనాలకు హాని కలిగించేవిగా ఛైర్మన్‌కు తోచిన సంగతులు మినిట్స్‌లోకి ఎక్కకూడదని 118వ సెక్షన్ కూడా అంటుంది. అలాగని ప్రశ్నను మింగేయకూడదు. “మార్చి నెల ఖర్చుల్లో మూడు వోచర్లు లేవని సభ్యులు అడిగారు. ట్రెజరరు వాటిని 15 రోజుల్లో చూపిస్తామన్నారు” అంటే సంగతి మొత్తం ఉంది, నింద లేదు. తర్వాత వోచర్లు రాకపోతే సభ్యులకు పనికొచ్చేది ఈ వాక్యమే.

వ్యతిరేకించినవారి పేరు రాయడం ఎందుకు అంత ముఖ్యమో హైదరాబాద్‌లోనే ఒక సంఘటన చూపించింది. 2008 డిసెంబర్ 16న సత్యం కంప్యూటర్స్ బోర్డు, రామలింగరాజు కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొనాలన్న ప్రతిపాదనను ఆమోదించింది. మదుపరులు భగ్గుమన్నారు, అమెరికా మార్కెట్లో షేరు సగానికి పైగా పడిపోయింది, గంటల్లోనే ప్రతిపాదన వెనక్కి వెళ్లింది. ఆ నెలాఖరులో ఒక స్వతంత్ర డైరెక్టర్ రాజీనామా చేశారు. సమావేశంలో తాను ఎన్నో సందేహాలు లేవనెత్తినా, చివరికి వ్యతిరేకంగా ఓటు వేయలేదనీ, దానికి నైతిక బాధ్యత వహిస్తున్నాననీ ఆమె చెప్పారు. 2009 జనవరి 7న రాజు లేఖతో అసలు మోసం బయటపడ్డాక ఆ సమావేశంలో ఎవరేం చేశారన్న ప్రశ్న మరింత బరువెక్కింది.

ఆమె మాటలోని తేడాను చట్టమూ పట్టుకుంది. ప్రశ్నలడగడం వేరు, వ్యతిరేకించడం వేరు. నేటి కంపెనీల చట్టంలో ‘తప్పు చేసిన అధికారి’ నిర్వచనంలోకి, బోర్డు కార్యకలాపాల కాగితాలు అందడం వల్ల గానీ, అభ్యంతరం చెప్పకుండా వాటిలో పాల్గొనడం వల్ల గానీ ఉల్లంఘన సంగతి తెలిసిన డైరెక్టరు కూడా వస్తారు. అంటే మౌనంగా కూర్చున్నవారికి రక్షణ లేదు, సందేహం వెలిబుచ్చి చెయ్యెత్తినవారికీ పెద్దగా లేదు. మినిట్స్‌లో “కొందరు సభ్యులు సందేహాలు వ్యక్తం చేశారు” అని ఉంటే ఆ కొందరిలో మీరున్నారని తర్వాత ఎలా చెబుతారు? “ఈ తీర్మానాన్ని ఫలానావారు వ్యతిరేకించారు, కారణం ఇది” అని ఉండాలి. సభలోనే “నా పేరు రాయండి” అని అడగాలి. పెద్దవారి ఎదుట అలా అడగడం మొహమాటంగా ఉంటుందన్నది నిజమే. మన సమావేశాల్లో ఆ మొహమాటమే ఎక్కువమందిని ఇరుకున పెడుతుంది.

ఇక రాసినది మార్చడం గురించి. డ్రాఫ్ట్ దశలో ఎన్నిసార్లైనా దిద్దవచ్చు. కంపెనీ సెక్రటరీల సంస్థ ప్రమాణాల ప్రకారం బోర్డు సమావేశం అయ్యాక 15 రోజుల్లో డ్రాఫ్ట్ డైరెక్టర్లకు చేరాలి, వారు 7 రోజుల్లో తమ అభిప్రాయం చెప్పాలి. ఆ గడువును సంఘాలు కూడా పాటించడం మంచిది, ఎందుకంటే మూడు నెలలు పోయాక ఎవరికీ సరిగా గుర్తుండదు. పుస్తకంలోకి ఎక్కి సంతకం పడ్డాక మాత్రం దానిపై కలం పెట్టకూడదు. వైట్‌నర్ పూసిన గీత, మధ్యలో ఇరికించిన పంక్తి, వేరే సిరాతో దిద్దిన అంకె, అతికించిన కాగితం కనిపిస్తే ఎదుటి లాయరు ఆ పేజీనే ముందు తీస్తాడు. తప్పు కనబడితే తర్వాతి సమావేశంలో దాన్ని చెప్పి, “ఫలానా తేదీ మినిట్స్‌లో మూడో అంశంలో 26 అని ఉన్నది 25 గా సరిచేయాలని సభ ఆమోదించింది” అని కొత్త తేదీ కింద కొత్త పంక్తి రాయాలి. పాత అంకె అలాగే ఉండాలి. కంపెనీల మినిట్స్‌ను తారుమారు చేస్తే రెండేళ్ల వరకు జైలుశిక్ష ఉంది.

డ్రాఫ్ట్‌లో మీ మాట తప్పుగా పడింది, చెప్పినా సెక్రటరీ దిద్దలేదు అనుకోండి. వాట్సాప్ గ్రూపులో వాదనకు దిగడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఏ వాక్యం తప్పో, దాని బదులు ఏముండాలో చెబుతూ సెక్రటరీకీ అధ్యక్షుడికీ అదే వారంలో ఈమెయిల్ పంపండి, లేదా లేఖ ఇచ్చి కాపీ మీద అందినట్టు సంతకం తీసుకోండి. తర్వాతి సమావేశంలో మినిట్స్ ఆమోదానికి వచ్చినప్పుడు లేచి అదే అభ్యంతరం చెప్పి, దాన్ని ఆ రోజు మినిట్స్‌లో నమోదు చేయమనండి. సభ మీ సవరణను ఓటుతో తోసిపుచ్చినా, అభ్యంతరం చెప్పినట్టు రాయించుకోండి. ఆ ఈమెయిల్‌ను ఫోనులో ఫొటోగా కాకుండా అసలు మెయిల్‌గానే ఉంచుకోండి. కోర్టులో ఎలక్ట్రానిక్ రికార్డును దాఖలు చేయడానికి 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాల్సి ఉంటుంది. అసలు మెయిల్ ఉంటే ఆ పని తేలిక.